రీయూనియన్ టీషర్టు: ఒకే రంగు డిజైన్‌ను సరైన కొలతలో తయారుచేయడం ఎలా

బ్యాచ్ టీషర్టుల కోసం ప్రింటింగ్ షాపుకు వెళ్లగానే అడిగే మొదటి ప్రశ్న ‘సైజెంత?’ మనం ‘ఎస్ ఆరు, ఎమ్ పద్దెనిమిది, ఎల్ ఇరవై’ అంటూ వాట్సాప్ లిస్టు చదవడం మొదలుపెడతాం. షాపాయన అడిగింది బొమ్మ సైజు. దానికి మన దగ్గర జవాబుండదు. ‘ఛాతీ మీద నిండుగా రావాలి సార్’ అని ఊరుకుంటాం. ఇక బొమ్మ ఎంత పెద్దగా వస్తుంది, మెడకు ఎంత కిందికి వస్తుంది అన్నవి ఆ రోజు ఆపరేటర్‌కున్న తీరికను బట్టి తేలతాయి.

ఆ జవాబు ముందే చేతిలో పెట్టుకుని వెళ్లడం ఎలాగో చూద్దాం. ఒక ఉదాహరణ తీసుకుంటే సులువుగా ఉంటుంది. అనంతపురం జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూలు, 2000–01 పదో తరగతి బ్యాచ్ అనుకుందాం. చాలామంది బెంగళూరులో మారతహళ్లి, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్ వైపు స్థిరపడ్డారు కాబట్టి సమ్మేళనం ఇక్కడే పెట్టుకున్నారు. కావలసినవి 60 టీషర్టులు. నేవీ బ్లూ కాటన్, రౌండ్ నెక్, మీద తెల్ల ఇంకుతో ఒకే రంగు ప్రింటు. బొమ్మలో ఒక పాత చెక్క బెంచీ, దాని పైన వేలాడే బడి గంట. పెద్ద అక్షరాల్లో ‘మళ్లీ అదే బెంచీ’. దాని కింద చిన్న అక్షరాల్లో బడి వివరం.

స్క్రీన్ మీద ఏం జరుగుతుందో ముందు తెలుసుకోండి

ఈ పనికి మామూలుగా వాడేది స్క్రీన్ ప్రింటింగ్. ఒక ఫ్రేముకు సన్నని జల్లెడ లాంటి గుడ్డ బిగించి, దాని మీద వెలుగు తగిలితే గట్టిపడే రసాయనం పూస్తారు. మీ డిజైన్‌ను నల్లగా ఫిల్ము మీదో ట్రేసింగ్ పేపరు మీదో తీసి, ఆ ఫ్రేముకు ఆనించి లైటు వేస్తారు. నలుపు ఉన్నచోట వెలుగు పడదు, అక్కడి రసాయనం మెత్తగానే ఉండి నీళ్లతో కడిగితే పోతుంది. ఆ తెరుచుకున్న చోటు నుంచే ఇంకు బట్ట మీదికి దిగుతుంది.

దీన్నిబట్టి రెండు విషయాలు తెలుస్తాయి. మొదటిది, ప్రతి రంగుకూ ఒక స్క్రీన్ కావాలి, ఒక్కో స్క్రీన్‌కు విడిగా చార్జీ ఉంటుంది. ఒక రంగయితే ఆ ఖర్చు ఒక్కసారే, అది 60 టీషర్టుల మీద పంచుకుపోతుంది. మొత్తం ఐదో పదో టీషర్టులే అయితే ఈ లెక్క కుదరదు. అప్పుడు ఫిల్ము మీద తీసి వేడితో అతికించే డీటీఎఫ్ స్టిక్కర్ ప్రింటు అడగడమే మేలు.

రెండోది ఇంకా ముఖ్యం. స్క్రీన్‌కు రంధ్రం ఉండటం, లేకపోవడం తప్ప మధ్యస్థం తెలియదు. ఇంకు పడుతుంది, లేదా పడదు. ఫోన్‌లో అందంగా కనిపించే బూడిద రంగు నీడలు, పైనుంచి కిందికి పలచబడే షేడింగ్, అక్షరాల వెనక మెత్తటి మెరుపు, ఇవేవీ ఒక రంగులో ఉన్నవున్నట్టు రావు. వాటిని చుక్కలుగా విడగొట్టి తెచ్చే పద్ధతి ఉంది గానీ, దానికి ఇంకా సన్నని జల్లెడ గుడ్డ కావాలి, చెయ్యి తిరిగిన ప్రింటర్ కావాలి.

గ్రూపులో ఎవరో ఒకరు ‘మన పదో తరగతి గ్రూప్ ఫొటోనే వేసేద్దాం’ అని తప్పకుండా అంటారు. వాళ్లకు ఈ లెక్క చెప్పండి. వరుసకు 15 మంది నిలబడిన ఫొటోను 10 అంగుళాల వెడల్పుకు పెడితే మనిషికి ముప్పావు అంగుళం కూడా రాదు. అందులో ముఖం అంగుళంలో మూడో వంతు. అంగుళానికి 40 చుక్కలు పడే ప్రింటులో ఒక ముఖానికి అడ్డంగా దక్కేవి 13 చుక్కలు. పదమూడు చుక్కల్లో ఎవరు ఎవరో పోల్చుకోలేం. ఆ ఫొటోను ఫంక్షన్ హాల్లో బ్యానర్ మీద వేయించుకోండి, అక్కడ బాగుంటుంది.

టేపు పట్టుకుని టీషర్టు కొలవండి

డిజైన్ మొదలుపెట్టే ముందే షాపు నుంచి మీ లిస్టులో ఉన్న అతి చిన్న సైజు, అతి పెద్ద సైజు టీషర్టులు ఒక్కొక్కటి తెప్పించుకోండి. సైజు చార్టు చూసి తృప్తి పడొద్దు. ఒక కంపెనీ ఎమ్, ఇంకో కంపెనీ ఎల్‌తో సమానంగా ఉండటం మామూలే. తిరుప్పూర్ నుంచి వచ్చే సరుకులో కూడా మిల్లుకో కొలత.

టీషర్టును బల్ల మీద ముడతలు లేకుండా పరిచి, రెండు చోట్ల వెడల్పు చూడండి. చంకల కింద ఈ పక్క నుంచి ఆ పక్కకు కొలిస్తే వచ్చేది అందరూ చెప్పే ఛాతీ కొలత. బొమ్మకు అసలు అవసరమైనది రెండోది. మెడ పట్టీ కుట్టు నుంచి ఐదంగుళాలు కిందికి వచ్చి, అక్కడ ఎడమ చేతి కుట్టు నుంచి కుడి చేతి కుట్టు దాకా కొలవండి. బొమ్మ పైభాగం కూర్చునేది అక్కడే, టీషర్టు ముందు భాగంలో ఇరుకైన చోటు కూడా అదే.

మన ఉదాహరణలో ఎస్ సైజుకు చంకల కింద 18 అంగుళాలు వచ్చింది, చేతి కుట్ల మధ్య 14. డబుల్ ఎక్సెల్‌కు చంకల కింద 23, కుట్ల మధ్య 18. ఒకే స్క్రీన్‌తో అన్ని సైజులూ కొడతారు కాబట్టి బొమ్మ వెడల్పును నిర్ణయించేది అతి చిన్న టీషర్టే. చేతి కుట్టుకూ బొమ్మకూ మధ్య ఇరువైపులా కనీసం రెండంగుళాలు వదిలితే, 14 లోంచి 4 పోగా మిగిలేది 10 అంగుళాలు. డబుల్ ఎక్సెల్ మీద అదే బొమ్మకు ఇరువైపులా నాలుగేసి అంగుళాలు మిగులుతాయి. కాస్త చిన్నగా కనిపిస్తుంది కానీ వెలితిగా ఉండదు. అదే డబుల్ ఎక్సెల్‌ను చూసి 13 అంగుళాలు పెడితే, ఎస్ సైజు వేసుకున్నవాళ్లకు బొమ్మ అంచులు చంకల్లోకి మడత పడతాయి.

లేడీస్ ఫిట్ కూడా ఆర్డరులో ఉంటే దాన్ని తప్పకుండా విడిగా కొలవండి. అందులో కుట్ల మధ్య 12 అంగుళాలే రావచ్చు. అప్పుడు మూడు దారులు: మొత్తం బొమ్మను 8 అంగుళాలకు తగ్గించడం, లేడీస్ ఫిట్‌కు విడిగా చిన్న స్క్రీన్ చేయించడం, లేదా అందరూ యూనిసెక్స్ టీషర్టే తీసుకోవడం. లేడీస్ ఫిట్ పది లోపే ఉంటే విడి స్క్రీన్ డబ్బు దండగ. నేనైతే 8 అంగుళాలకు తగ్గించేస్తాను.

ఎత్తు విషయంలో టీషర్టు కంటే దాన్ని వేసుకునే మనిషిని చూడాలి. బొమ్మ పై అంచు మెడ పట్టీ కుట్టుకు మూడంగుళాల కింద మొదలవుతుంది. అక్కడినుంచి ఏడెనిమిది అంగుళాల దాకా ఛాతీ. దాని తర్వాత వచ్చేది పొట్ట. నలభై దాటిన బ్యాచ్ కదా, 14 అంగుళాల పొడవు బొమ్మ పెడితే కింది లైను ఎదురుగా కనిపించదు, పైనుంచి వంగి చూడాలి. మన బొమ్మకు ఏడున్నర అంగుళాలు చాలు.

ప్రింట్ ఏరియా వేరు, ఆర్ట్‌వర్క్ సైజు వేరు

షాపులో ‘మా ప్రింట్ ఏరియా 12 బై 16’ అంటే, వాళ్ల బోర్డు మీద, వాళ్ల ఫ్రేములో గరిష్ఠంగా అంతవరకు ఇంకు వేయగలరని అర్థం. మీ బొమ్మ అంత ఉండాలని కాదు. మీ బొమ్మలో ఎడమ చివరన ఇంకు పడే బిందువు నుంచి కుడి చివరి బిందువు దాకా ఉన్నదే ఆర్ట్‌వర్క్ వెడల్పు. చుట్టూ ఉన్న ఖాళీ అందులోకి రాదు.

ఈ రెండూ కలిసిపోయినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. మీరు ఎ4 పేజీ మధ్యలో బొమ్మ పెట్టి, చుట్టూ తెల్ల ఖాళీ వదిలి పంపుతారు. ఆపరేటర్ ఆ ఫైలును 10 అంగుళాలకు పెడతాడు. కానీ 10 అంగుళాలయ్యేది పేజీ వెడల్పు, లోపలి బొమ్మ ఏడో ఎనిమిదో వస్తుంది. ఇంకో చోట ఆపరేటర్ ఖాళీని కత్తిరించేసి, ‘ఏరియా 12 ఉంది కదా’ అని బొమ్మను 12కు సాగదీస్తాడు. ఇద్దరి తప్పూ లేదు. ఫైలులో పేజీ సైజే బొమ్మ సైజు అయ్యేలా ఇస్తే ఈ గొడవే రాదు.

కాబట్టి మన బొమ్మ 10 అంగుళాల వెడల్పు, ఏడున్నర అంగుళాల ఎత్తు. మిల్లీమీటర్లలో 254, 190. ఏడున్నర ఎంచుకోవడంలో ఒక చిన్న లాభం ఉంది. ఈ బొమ్మ అడ్డంగా పెట్టిన ఎ4 కాగితంలో సరిపోతుంది. ఇంట్లో, ఆఫీసులో ఉన్న ప్రింటర్‌తోనే అసలు సైజులో తీసి చూసుకోవచ్చు.

నలుపులో గీయండి, నీలం మీద చూడండి

టీషర్టు మీద ఇంకు తెలుపయినా, షాపుకు ఇచ్చే ఫైలు మాత్రం తెల్ల పేజీ మీద పూర్తి నలుపులోనే ఉండాలి. ఇంతకుముందు చెప్పినట్టు, వెలుగును ఆపేది నలుపే. ముదురు నీలం, ముదురు బూడిద కంటికి నలుపులాగే ఉంటాయి గానీ, ట్రేసింగ్ తీసినప్పుడు చుక్కలు చుక్కలుగా విడిపోతాయి. వెనక నేవీ రంగు పెట్టె పెట్టి, దాని మీద తెల్ల బొమ్మ వేసి పంపితే ఇంకా ప్రమాదం. పెట్టె మొత్తం ఇంకుగా మారి, బొమ్మ ఖాళీగా మిగిలే అవకాశం ఉంది.

నలుపులో గీస్తున్నప్పుడు మనల్ని మోసం చేసేది వెలుగునీడలు. తెల్ల కాగితం మీద గంటకు ఒక పక్క నల్లగా నింపి నీడ చూపించారనుకోండి. టీషర్టు మీద ఆ నలుపంతా తెల్ల ఇంకు అవుతుంది, నీడ ఉండాల్సిన పక్క మెరుస్తూ కనిపిస్తుంది. మనుషుల ముఖాలైతే మరీ దారుణం. జుట్టు తెల్లబడి, కనుపాపలు తెల్లగా వెలుగుతూ అందరూ దెయ్యాల్లా తయారవుతారు. ముదురు టీషర్టుకు గీసేటప్పుడు వెలుగు పడే పక్కనే నింపాలి, నీడ పక్కను ఖాళీ వదలాలి. ఆ ఖాళీలో టీషర్టు నీలమే నీడ అవుతుంది.

ఇది ఊహించుకోవడం కష్టం కాబట్టి, కాపీ ఒకటి తీసి దాన్ని తెల్లగా మార్చి, వెనక నేవీ రంగు పెట్టె పెట్టి చూడండి. గ్రూపులో పంపాల్సిన బొమ్మ అదే. షాపుకు పంపాల్సింది మాత్రం నలుపు ఫైలు.

బెంచీ పలకను పూర్తిగా నింపేయొద్దు. ముదురు బట్ట మీద తెల్ల ఇంకు నిండుగా రావాలంటే సాధారణంగా రెండు పూతలు వేస్తారు. అరచేయంత ప్రదేశం మొత్తం రెండు పూతల ఇంకయితే అక్కడ గాలి ఆడదు, రబ్బరు షీటు అతికించినట్టు బిగుసుకుంటుంది. చెక్క గీతలుగా, మధ్యమధ్య ఖాళీలతో చూపిస్తే బెంచీ బెంచీలాగే ఉంటుంది, టీషర్టూ మెత్తగా ఉంటుంది.

తెలుగు అక్షరాల దగ్గర నిదానించండి

ఇంగ్లిష్ అక్షరాలతో చేసిన డిజైన్‌కు ఇచ్చే సలహాలు మనకు సగమే పనికొస్తాయి. మన లిపిలో ప్రధాన అక్షరం ఎంత పెద్దగా ఉన్నా, దాని కింద వేలాడే వత్తు అందులో సగం కూడా ఉండదు. ప్రింటులో ముందు చెడేది ఆ వత్తే.

మన డిజైన్ కింది లైను చూడండి: ‘జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల పూర్వ విద్యార్థుల సమ్మేళనం’. మొత్తం 23 అక్షరాలు, మధ్యలో ఖాళీలు. దీన్ని ఒకే లైనుగా 254 మిల్లీమీటర్లలో పెడితే ఒక్కో అక్షరానికి తొమ్మిది పది మిల్లీమీటర్లు వస్తాయి. పరవాలేదనిపిస్తుంది. కానీ ‘ర్థు’ కింద ఉన్న థ వత్తు నాలుగు మిల్లీమీటర్లకు పడిపోతుంది, దాని కడుపులోని చుక్క అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఇంకు రెండు పూతలు పడేసరికి అది పూడుకుపోతుంది, లేదా అసలు రాదు. చుక్క రాకపోతే ‘విద్యార్థుల’ కాస్తా ‘విద్యార్ధుల’ అవుతుంది. ఇక ‘పాఠశాల’లో ఠ చుక్క పోతే మిగిలేది ‘పారశాల’. మీ తెలుగు మాస్టారిని సన్మానానికి పిలిచి ఆ టీషర్టే ఆయన చేతికివ్వడం బాగుండదు కదా.

అందుకే దాన్ని రెండు లైన్లు చేయండి. ‘జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల’ ఒకటి, ‘పూర్వ విద్యార్థుల సమ్మేళనం’ ఇంకొకటి. ఒక్కో అక్షరానికి 17 మిల్లీమీటర్ల దాకా వస్తాయి, చుక్క బతుకుతుంది. 190 మిల్లీమీటర్ల ఎత్తును ఇలా పంచుకోవచ్చు: గంటకూ బెంచీకీ 85, ‘మళ్లీ అదే బెంచీ’కి 45, కింది రెండు లైన్లకు 50, మధ్య ఖాళీలకు 10. ‘2000–01’ని విడిగా పెట్టకుండా గంట మీదో బెంచీ పలక మీదో చెక్కినట్టు వేస్తే చోటు కలిసివస్తుంది. లైన్ల మధ్య దూరాన్ని సాఫ్ట్‌వేర్ ఇచ్చినట్టు వదిలేయకండి. పై లైను వత్తులు కింది లైను గుడులకు తగలకుండా చేత్తో జరపండి.

ఫాంటు విషయంలో, పెద్ద అక్షరాలకు `Ramabhadra`, `Baloo Tammudu 2` లాంటి లావు ఫాంట్లు బాగుంటాయి. ఇవి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. అవే ఫాంట్లను చిన్న లైనులో వాడితే అక్షరాల లోపలి ఖాళీలు మూసుకుపోతాయి. అక్కడికి `Mandali` గానీ, `Noto Sans Telugu` సెమీబోల్డ్ గానీ మేలు.

ఊళ్లో డీటీపీ సెంటర్లో పాత అనూ ఫాంట్లలో టైపు చేయించి తెచ్చిన ఫైలయితే, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరవగానే ఇంగ్లిష్ అక్షరాల కలగాపులగం కనిపిస్తుంది. యూనికోడ్‌లో చేసినా, బెంగళూరు షాపులోని పాత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వత్తులు విడిపోయి పక్కన వచ్చి నిలబడవచ్చు. రెంటికీ మందు ఒకటే: అక్షరాలను అక్షరాలుగా పంపకుండా గీతలుగా మార్చి పంపడం.

కన్నడం చదివే ఆపరేటర్‌కు మన లిపి సగానికి పైగా అర్థమవుతుంది. దాంతో ఆయనకు ‘సరిగ్గానే ఉంది’ అనిపిస్తుంది. తప్పు పట్టుకోవలసింది మాత్రం మీరే.

ఫైలు తయారీ

`Inkscape` ఉచితంగా దొరుకుతుంది, ఈ పనికి చాలు. ముందు డిజైన్ ఫైలుకు ఒక కాపీ పక్కన పెట్టుకోండి, ఎందుకంటే గీతలుగా మార్చాక అక్షరాలను మళ్లీ టైపు చేసి దిద్దడం కుదరదు. తర్వాత ఈ వరుసలో చేయండి.

1. అక్షరాలన్నీ సెలెక్ట్ చేసి `Path > Object to Path` నొక్కండి. ఇప్పుడవి ఫాంటుతో పనిలేని ఆకారాలు. కోరల్‌డ్రాలో చేసేవాళ్లకు ఇదే పని `Ctrl+Q`.

2. బెంచీ, గంట గీతలను సెలెక్ట్ చేసి `Path > Stroke to Path` నొక్కండి. ఇది చేయకపోతే బొమ్మ సైజు మార్చినప్పుడు గీత మందం దాంతోపాటు మారవచ్చు, మారకపోవచ్చు.

3. ఒక్కో లైను అక్షరాలను అన్‌గ్రూప్ చేసి `Path > Union` నొక్కండి. గుణింతం అక్షరం మీదికి ఎక్కిన చోట చిన్న తెల్ల మచ్చ కనిపిస్తోందంటే, రెండు ఆకారాలు కలవకుండా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయని అర్థం. అలా వస్తే వెనక్కి వెళ్లి, విడి ఆకారాల మీద యూనియన్ మళ్లీ చేయండి.

4. మొత్తం బొమ్మను సెలెక్ట్ చేసి, పైన టూల్‌బార్‌లో తాళం గుర్తు వేసి, `W` దగ్గర 254 మి.మీ. ఇవ్వండి. ఎత్తు దానంతట అదే మారుతుంది. 190కి దగ్గరగా రాకపోతే బొమ్మను నొక్కి పట్టకండి, లోపలి భాగాలను జరిపి సర్దండి.

5. `Edit > Resize Page to Selection` నొక్కండి. ఇప్పుడు పేజీ సైజే బొమ్మ సైజు.

6. పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. పేరులోనే సంగతంతా ఉండేలా పెట్టండి:

```
REUNION_FRONT_1COLOR_254x190mm_FINAL.pdf
```

సేవ్ చేసే ముందు సన్నటి గీతలను పరీక్షించాలి. అర మిల్లీమీటరు వ్యాసంతో ఎర్రటి చుక్క ఒకటి, ముప్పావు మిల్లీమీటరుతో ఇంకొకటి గీయండి. చిన్న చుక్కను బొమ్మలో సన్నగా ఉన్న గీతల మీదికి జరుపుతూ వెళ్లండి. గీత కంటే చుక్క వెడల్పుగా ఉంటే ఆ గీత తెగిపోయి వచ్చే ప్రమాదం ఉంది, లావు చేయండి. పెద్ద చుక్కను ఖాళీల్లో, అంటే థ కడుపులో, చెక్క గీతల మధ్య పెట్టి చూడండి. పట్టకపోతే ఆ ఖాళీ పూడుకుపోవచ్చు. ఖాళీకి ఎక్కువ చోటు ఎందుకంటే, ఇంకు ఎప్పుడూ అంచుల నుంచి బయటికే పాకుతుంది. పని అయ్యాక ఎర్ర చుక్కలు తీసేయడం మరవకండి.

గీతల బొమ్మ లేదు, ఫొటోలాంటి ఫైలే ఉందంటే దాని పిక్సెళ్లు లెక్కించండి. అసలు సైజులో అంగుళానికి కనీసం 300 కావాలి. 10 అంగుళాలకు 3000. వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన 1200 పిక్సెళ్ల బొమ్మను 10 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 120 మిగులుతాయి, అంచులు మెట్లు మెట్లుగా వస్తాయి. సాఫ్ట్‌వేర్‌లో సైజు పెంచితే అంకె మారుతుందే తప్ప అంచు మెరుగవదు. ఆ బొమ్మను కింద పెట్టుకుని, పైన కొత్తగా గీయించండి. ఫైలును వాట్సాప్‌లో పంపాల్సి వస్తే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి.

కాగితం మీద అసలు సైజు చూడండి

పీడీఎఫ్‌ను ఎ4 కాగితం మీద అడ్డంగా ప్రింటు తీయండి. ప్రింట్ బాక్సులో `Fit` కాకుండా `Actual size` ఎంచుకోవాలి. వచ్చిన కాగితం మీద స్కేలు పెట్టి బొమ్మ వెడల్పు కొలవండి. 254 ఉండాలి. అంతకంటే ఎక్కువో తక్కువో ఉందంటే ప్రింటర్ సైజు మార్చింది, సెట్టింగ్ మార్చి మళ్లీ తీయండి.

అంచుల వెంబడి కత్తిరించి, ఎస్ టీషర్టుకు మెడ కుట్టు నుంచి మూడంగుళాల కింద గుండుసూదులతో గుచ్చండి. ఎవరికైనా తొడిగి రెండు చేతులూ ముందుకు చాపమనండి. కాగితం అంచులు చంకల దగ్గర నలగకపోతే వెడల్పు సరిపోయినట్టే. తర్వాత అదే కాగితం డబుల్ ఎక్సెల్ మీద. ఆరడుగుల దూరం నుంచి చిన్న లైను చదవగలగాలి. ‘పెద్దగా పెట్టండి’, ‘చిన్నగా ఉంటేనే డీసెంట్’ అని గ్రూపులో నడిచే వాదన ఈ రెండు ఫొటోలు పెట్టాక చాలావరకు ఆగిపోతుంది.

వెనక పేర్లు వేయాలంటే

వెనక ప్రింటు అంటే రెండో స్క్రీన్, రెండో చార్జీ. 60 పేర్లను మూడు నిలువు వరుసల్లో, వరుసకు 20 చొప్పున, 12 అంగుళాల ఎత్తులో పెడితే ఒక్కో పేరుకు 15 మిల్లీమీటర్ల ఎత్తు వస్తుంది. వత్తులకూ చోటు మిగులుతుంది. రెండు సెక్షన్లు కలిపి 110 పేర్లయితే ఎనిమిది మిల్లీమీటర్లే, అప్పుడు వత్తులు పూడతాయి. అంతమంది ఉంటే పేర్లు వదిలేయమనే నేను చెప్తాను. ఏదో ఒక పేరు మరిచిపోయి, ఆ గొడవ మరుసటి రీయూనియన్ దాకా నడవడం కూడా తప్పుతుంది.

షాపుకు ఇచ్చేటప్పుడు

మీరు వెళ్లేది చిక్‌పేట వైపు హోల్‌సేల్ టీషర్టుల షాపు కావచ్చు, పెళ్లికార్డుల సుల్తాన్‌పేటలో ఎవరో చెప్పిన స్క్రీన్ ప్రింటర్ కావచ్చు. ఫైలుతోపాటు ఒక చిన్న నోటు, నీలం మీద తెల్లగా చేసిన నమూనా బొమ్మ ఇవ్వండి. నోటు ఇంగ్లిష్‌లో గానీ కన్నడంలో గానీ రాయించండి. అందులో ఉండాల్సినవి ఇంతే: ముందు భాగం, ఒక రంగు, నేవీ మీద తెలుపు. బొమ్మ 254 × 190 మిల్లీమీటర్లు, సైజు మార్చవద్దు. బొమ్మ పై అంచు మెడ పట్టీ కింది కుట్టుకు మూడంగుళాల కింద, నడిమధ్యన. అన్ని సైజులకూ అదే బొమ్మ, అదే దూరం. సైజుల వారీగా ఎన్నెన్ని కావాలో.

‘మెడ నుంచి మూడంగుళాలు’ అని మాత్రమే రాస్తే చాలదు. పట్టీ పై అంచు నుంచి కొలిచేవాళ్లున్నారు, భుజం ఎత్తు నుంచి కొలిచేవాళ్లున్నారు. పట్టీ వెడల్పే ముప్పావు అంగుళం దాకా ఉంటుంది, బొమ్మ అంత పైకి జరిగి గొంతు కింద ఇరుక్కుంటుంది. ఏ కుట్టు నుంచో స్పష్టంగా రాసి, నమూనా బొమ్మ మీద బాణం గుర్తు వేసి చూపండి.

మొత్తం కొట్టే ముందు ఒక శాంపిల్ అడగండి. దాని మీద మూడు పనులు చేయాలి. టేపుతో వెడల్పు కొలవండి. 254కు రెండు మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే సరే, 10 మిల్లీమీటర్ల తేడా ఉంటే ట్రేసింగ్ తీసేటప్పుడే సైజు మారింది, మళ్లీ తీయించాలి. తర్వాత ఠ, థ వత్తు చుక్కలను దగ్గరగా చూడండి. చివరగా ప్రింటును రెండు చేతులతో అడ్డంగా సాగదీయండి. వాడింది ప్లాస్టిసాల్ రకం ఇంకయితే, అది గట్టిపడాలంటే పొర మొత్తం 160 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కాలి. తొందరలో సరిగా కాల్చకపోతే సాగదీయగానే చిట్లుతుంది, రెండు ఉతుకులకే రాలడం మొదలవుతుంది. చిట్లితే డిజైన్‌లో మార్చాల్సిందేమీ లేదు, ఎక్కువసేపు హీట్ ఇవ్వమని చెప్పాలి.

ఆర్డరు ఖాయం చేసేటప్పుడు ఎల్, ఎక్సెల్ సైజుల్లో రెండేసి ఎక్కువ కలపండి. ‘నేనూ వస్తున్నా’ అని చివరి వారంలో మెసేజ్ పెట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. పని అయ్యాక స్క్రీన్‌ను కడిగి ఇంకో ఆర్డరుకు వాడేస్తారు కాబట్టి, తర్వాత ఒక్క టీషర్టు కావాలన్నా స్క్రీన్ చార్జీ మళ్లీ మొదటి నుంచి కట్టాల్సి వస్తుంది.